నిమిషానికి ఎనిమిదిసార్లు నీళ్ళు తోడే పురుగు

నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది. నేను చూసినదాన్ని ఎవరైనా లేదంటే ఒళ్ళు మండిపోతుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం వీడని మా నాయన అందరితో చెప్పేవాడు. అది అబద్ధం. కాళ్ళు లెక్కపెట్టాకే నేను మాట్లాడతాను. లెక్కపెట్టాక మాత్రం ఎవరు చెప్పినా వినను.

ధాత సంవత్సరపు కరువు వెళ్ళిపోయి, బహుధాన్యలో వానలు దండిగా పడ్డాయి. అప్పుడు నేను ఉదయగిరి ఆసుపత్రిలో డ్రెస్సరుని. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వసారా. కురుపులు కడగడం, కట్లు కట్టడం, క్వినైను పొట్లాలు చుట్టడం నా పని. కరువులో మురికినీళ్ళు తాగి జనం కుప్పలుగా పోయారు కనుక, తాగే నీళ్ళు ఎక్కడెక్కడ ఎలా ఉన్నాయో చూసి రాయమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. దానితోపాటు ఒక పాత ఇత్తడి మైక్రోస్కోపు కూడా వచ్చింది. దాన్ని ముట్టుకోవడానికి మిగతావాళ్ళు జంకారు. నాకు మాత్రం పండగైంది.

ఊళ్ళో బావుల నీళ్ళన్నీ చూశాక దుర్గం ఎక్కాను. కొండమీద రాతిలో తొలిచిన దొనలున్నాయి. వాటిలో ఉండేది వాననీరు తప్ప మరొకటి కాదు. రాలిన ఆకులు కుళ్ళి అడుగున నల్లగా పేరుకుని ఉంటాయి. ఆ నీళ్ళు ఒక సీసాలో పట్టుకొచ్చి, ఒక చుక్క గాజుపలక మీద వేసి చూస్తే, చెప్పు అడుగులాంటి ఆకారంలో పురుగులు వందలకొద్దీ ఈదుతున్నాయి. ఒళ్ళంతా నూగు. ఒక్కటీ ఒక్క క్షణం నిలవదు. దూది పోగులు రెండు చుక్కలో వేస్తే వాటి మధ్య ఇరుక్కుని నిలిచాయి.

అలా నిలిచినదాని ఒంట్లో, ముందొకటి వెనకొకటి, రెండు బుడగలు కనిపించాయి. బుడగ చుట్టూ నక్షత్రం బొమ్మకు కిరణాలు గీసినట్టు సన్నటి కాలువలు. మొదట కాలువలు ఉబ్బుతాయి. వాటిలోది బుడగలోకి దిగుతుంది. బుడగ గుండ్రంగా, తళతళలాడుతూ పెరుగుతుంది. ఉన్నట్టుండి మూసుకుపోయి మాయమవుతుంది. మళ్ళీ కాలువలు ఉబ్బడం మొదలు. ముందుది మూసుకున్నాక కాసేపటికి వెనకది. ఒకదాని తరువాత ఒకటిగా, విసుగూ విరామమూ లేకుండా అదే పని. ఇంగ్లీషు పుస్తకాల్లో దానికి కాంట్రాక్టైల్ వాక్యూల్ అనే పేరు ఉందని నాకు తరువాత తెలిసింది. ఆ రోజుల్లో నేను దాన్ని బుడగ అనే పిలిచాను.

రోగుల నాడి చూడటానికి మాకు అరనిమిషం ఇసుకగడియారం ఒకటి ఉండేది. దాన్ని తిప్పి పెట్టి, ఒక బుడగ ఎన్నిసార్లు మూసుకుంటుందో లెక్కించాను. అరనిమిషానికి నాలుగు. మళ్ళీ తిప్పాను. నాలుగు. ఇంకో పురుగును చూశాను. నాలుగు. అంటే నిమిషానికి ఎనిమిది. ఎండ మండే వేళ ఒకటి ఎక్కువ, పొద్దున చల్లని వేళ ఒకటి రెండు తక్కువ. నాలుగు రోజులు చూసి అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. పైన మూత గాజు నొక్కుకుని ఒక పురుగు దెబ్బతింటే, దాని బుడగ ఆగిపోయింది. చూస్తుండగానే ఒళ్ళు పక్కకు పొంగి, ఉబ్బి, పగిలి చెదిరిపోయింది. అదీ రాసుకున్నాను.

అన్నం వేళ దాటినా నేను రాకపోతే నా భార్య వసారాలోకి వచ్చి నిలబడేది.

"మనుషుల నాడి అయిపొయ్యి పురుగు నాడి పట్టుకుంటా ఉండావా? దానికి జరమా, ఏందీ?" అనేది.

"జరం కాదు. నీళ్ళు తోడతా ఉండాది."

"తోడనీలే. ఇంట్లో కడవలు ఖాళీగా ఉండాయి. దాన్నే పిలుచుకురా."

ఆమె ఎగతాళికే అన్నా, నీళ్ళు తోడుతోందని నా నోటినుంచి మొదట వచ్చింది అప్పుడే. ఎందుకన్నానో నాకే తెలియదు. నోటుపుస్తకంలో మాత్రం ఆ మాట రాయలేదు. చూసింది రాశాను, అనుకున్నది రాయలేదు.

ఆ నోటుపుస్తకం మీదే నా బతుకు ఆధారపడి ఉంది. మదరాసు వైద్యకళాశాలలో చదివి హాస్పిటల్ అసిస్టెంటు, అంటే చిన్న డాక్టరు, కావాలని నాకు ఆశ. దానికి ఆత్మకూరు ఆసుపత్రిలో ఉన్న పెద్ద డాక్టరు గారి సిఫారసు ఉత్తరం కావాలి. ఆయన నెల్లూరు మనిషి, మదరాసులో చదివి పతకాలు తెచ్చుకున్నారు. నెత్తురు పరీక్షలో మా జిల్లాలో ఆయన్ని మించినవాడు లేడని చెప్పుకునేవాళ్ళు. నీ పని ఏమిటో చూపించు, చూసి ఉత్తరం రాస్తానని కబురు పంపారు. నోటుపుస్తకం, దొననీళ్ళ సీసా పట్టుకుని మర్రిపాడు మీదుగా బండిలో బయల్దేరాను. దారిపొడుగునా సీసాను ఒళ్ళో పెట్టుకున్నాను. బండివాడు అది అత్తరనుకున్నాడు.

ఆత్మకూరు చేరిన మర్నాడు పొద్దున ఆయన ముందు నిలబడ్డాను. ఆయన కిటికీ దగ్గర బల్ల ముందు కుర్చీలో కూర్చుని, నోటుపుస్తకం మొదటినుంచి చివరివరకూ చదివారు. బావులూ చెరువులూ రాసిన పుటలకు తల ఊపారు. పురుగు పుట దగ్గర ఆగారు.

"ఈ బుడగ గురించి నేనూ చదివినాను. దాని గుండె అది. నిమిషానికి ఎనిమిదా? చూద్దాం పట్టు."

ఆయన మైక్రోస్కోపు నాదానికన్నా నాలుగింతలు మంచిది. గాజుపలక మీద, చెయ్యి అలవాటుగా పోయినట్టు, బల్లమీది సీసాలోంచి రెండు చుక్కలు వేసి, ఆ మీద నా సీసాలోంచి పిసరంత నీళ్ళు కలిపారు. దూదిపోగులు వేసి, మూత గాజు పెట్టి, గడియారం చేతిలోకి తీసుకుని కన్ను ఆనించారు. ఒక నిమిషం పోయింది. రెండో నిమిషం పోయింది.

"నిమిషానికి రెండు," అన్నారు. మళ్ళీ చూశారు. "పోనీ, మూడు. అంతకు మించి లేదు. ఎనిమిది ఎక్కడినుంచి తెచ్చినావయ్యా?"

"లెక్కపెట్టినాను అయ్యా."

"లెక్కపెట్టి ఉంటే మూడు రాసుండేవాడివి. కూర్చుని ఊహించి రాసినావు. నీ వయసులో అందరూ చేస్తారు. నేను ఉత్తరం ఇయ్యనని అనడంలేదు." ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "ఈ పుట కింద, ఇది ఊహించి రాసినది అని నీ చేత్తో రాసి సంతకం పెట్టు. తప్పు ఒప్పుకున్నోడికి ఉత్తరం ఇస్తా. లేకపోతే లేదు."

కలం సిరాలో ముంచి నా చేతికిచ్చారు.

ఒక్క వాక్యం రాస్తే మదరాసు. రాయకపోతే జీవితాంతం ఉదయగిరిలో కురుపులు కడుక్కోవాలి. అందులో తప్పేమీ లేదు, కాని నాకది చాలదు. ఆయన పక్కన నిలబడిన ముసలి కాంపౌండరు, రాసెయ్యరా అన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. మంచివాడు పాపం. నా చెయ్యి కాగితం దాకా వెళ్ళింది కూడా. దాచడం దేనికి, వెళ్ళింది. కలం కొనకు సిరా చుక్క వేలాడుతూ ఉంది. ఆ చుక్క నా నాలుగు రోజుల లెక్కమీద పడబోతుందనగా నాకు పాత జబ్బు పైకొచ్చింది. కలం బల్లమీద పెట్టేశాను.

"రాయను అయ్యా. ఒక్కతూరి నన్ను చూడనీండి."

"నా కళ్ళమీద నమ్మకం లేదా నీకు?"

"మీ కళ్ళమీద ఉండాది. నా కళ్ళమీద కూడా ఉండాది."

కాంపౌండరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. డాక్టరు గారు మొహం ముడుచుకున్నా కుర్చీ జరిపి చోటిచ్చారు. నిలబడే వంగి చూశాను. ఆయన చెప్పింది నిజం. బుడగ మెల్లగా, బద్ధకంగా నిండుతోంది. ఒకసారి మూసుకుని మళ్ళీ మూసుకునేదాకా నా పెదాలమీద ఇరవైదాకా అంకెలు పోయాయి. అయితే నేను నాలుగు రోజులూ చూసింది ఏమిటి? కలా? ఆ అరనిమిషంలో నామీద నాకే నమ్మకం సడలింది. అంతకన్నా భయం నేను కరువులో కూడా పడలేదు.

కాని ఆ పురుగును ఇంకొంచెం చూశాను. నా పురుగులు నిండుగా, నునుపుగా ఉండేవి. ఇది కాస్త చిక్కి, ఒంటిమీద సన్నటి ముడత పడి ఉంది. ఎండ అదే. పురుగు అదే. గాజు అదే. మారింది ఏదో ఒకటి ఉండాలి. బల్లమీది సీసా వైపు చూశాను. మూత తీసి, వేలు ముంచి, నాలుకకు రాసుకున్నాను.

"ఏయ్! ఏందది?" డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఆసుపత్రి బల్లమీది సీసాలోది నాలుకకు రాసుకునేవాడిని డ్రెస్సరు అనరు, పిచ్చివాడంటారు. అందులో ఏ విషమైనా ఉండొచ్చు. నాకు ఆ జ్ఞానం అప్పుడు లేదు.

"ఉప్పగా ఉండాది అయ్యా."

"ఉప్పునీళ్ళే కదరా అవి," అన్నాడు కాంపౌండరు. "అయ్యగారు నెత్తురు చూసేదానికి రోజూ నేనే కలిపి పెడతా."

"ఉత్త నీళ్ళు పోస్తే నెత్తురుకణాలు ఉబ్బి పగిలిపోతాయి," అన్నారు డాక్టరు గారు, పాఠం చెప్పే అలవాటుకొద్దీ. "అందుకని కాస్తంత ఉప్పు..."

అక్కడ ఆగిపోయారు. ఆయన మాట సగంలో ఆగడం కాంపౌండరు అంతకుముందు చూసి ఉండడు. ఇరవై ఏళ్ళు నెత్తురు చూసిన చెయ్యి, ఏది చూసినా ముందు ఆ సీసామీదికే పోతుంది. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. నెత్తురుకు ఆ ఉప్పే రక్ష.

నాకు మాత్రం ఒళ్ళంతా వెలుగొచ్చినట్టైంది. ఉదయగిరిలో నా భార్యతో వాగిన మాట నిజమే. అది నీళ్ళే తోడుతోంది.

"అయ్యా, ఒక్క గడియ ఇయ్యండి. అద్దుడుకాగితం ఉంటే ఇప్పించండి," అన్నాను. "నేను తప్పయితే మీరు చెప్పింది రాసి పోతా."

మూత గాజుకు ఒక అంచున అద్దుడుకాగితం ముక్క ఆనించాను. అది తడి పీలుస్తుంటే రెండో అంచున దొననీళ్ళు ఒక్కొక్క చుక్కే వదిలాను. కింద ఉన్న ఉప్పునీళ్ళు కాగితంలోకి పోయి, వాననీళ్ళు లోపలికి వస్తాయి. దూదిపోగుల్లో ఇరుక్కున్న పురుగు ఎక్కడిదక్కడే ఉంటుంది. పురుగు అదే, నీళ్ళు మాత్రమే మారతాయి. ఆరేడు చుక్కలు పోశాక డాక్టరు గారిని చూడమన్నాను. ఆయన గడియారం పట్టుకున్నారు.

"మూడు," అన్నారు. మళ్ళీ నిమిషం. "నాలుగు. కాదు, అయిదు." ఆయన గొంతు మారింది. నేను ఇంకో నాలుగు చుక్కలు పోశాను. కాగితం మార్చాను. ఆయన కన్ను ఎత్తలేదు. ముడత పోయి పురుగు నిండుగా తేరుకుందని ఆయనే చెప్పారు. తరువాత పెదాలు కదుపుతూ లెక్కపెట్టడం నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను.

"ఎనిమిది."

కాంపౌండరు "అబ్బ!" అన్నాడు పైకే. నేను అరవకుండా పళ్ళు బిగబట్టాను.

ఆయన అంతటితో నమ్మే మనిషి కాదు, నేనూ అలా నమ్మించాలని అనుకోలేదు. అదే దారిన ఉప్పునీళ్ళు వెనక్కి పంపాను. ఎనిమిది కాస్తా అయిదై, మూడై మళ్ళీ బద్ధకించింది. మళ్ళీ వాననీళ్ళు పంపితే మళ్ళీ లేచింది. రెండుసార్లు ఇటూ అటూ చేశాక ఆయన వెనక్కి ఆనుకుని కూర్చున్నారు.

"గుండె అయితే ఉప్పుకి ఎందుకు నిదానించాలి?" అన్నారు, నాతో కాదు, తనలో తాను.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు అందుకున్నాను. సూదితో నా వేలే పొడుచుకుని రెండు గాజుపలకలమీద నెత్తురు తాకించాను. ఒకదానిమీద ఆయన ఉప్పునీళ్ళు, ఒకదానిమీద నా దొననీళ్ళు. ఉప్పునీళ్ళలో కణాలు బిళ్ళల్లాగే ఉన్నాయి. దొననీళ్ళలో గుండ్రంగా ఉబ్బి, రంగు వదిలేసి, ఒకటొకటిగా కనుమరుగయ్యాయి. ఆయనకది కొత్త కాదు. అదే నీళ్ళలో నా పురుగు ఏళ్ళతరబడి పిల్లాపాపలతో హాయిగా ఉందన్నదే కొత్త.

"నెత్తురుకణానికీ ఈ పురుగుకీ పైన పల్చటి పొరే కదా అయ్యా," అన్నాను. "మనం నిమ్మకాయలు ఉప్పులో వేస్తే నీళ్ళు బయటికి వస్తాయి. శనగలు ఉత్త నీళ్ళలో వేస్తే నీళ్ళు లోపలికి పోతాయి. పురుగు లోపల ఉప్పూ సారమూ అన్నీ ఉంటాయి, బయట ఉత్త వాననీళ్ళు. కాబట్టి నీళ్ళు లోపలికి వస్తానే ఉంటాయి. కణం తోడుకోలేదు, పగిలింది. ఇది వచ్చినదాన్ని వచ్చినట్టే బుడగలోకి పట్టి తోడేస్తా ఉండాది. బయట ఉప్పు కలిపితే వచ్చే నీళ్ళు తగ్గుతాయి. తోడే పనీ తగ్గుతుంది. ఉదయగిరిలో బుడగ ఆగిపోయినది ఉబ్బి పగిలింది, రాసినాను చూడండి."

ఆయన ఆ పుట తిప్పి మళ్ళీ చదివారు. ఈసారి వేలు పెట్టి చదివారు.

"సరే. మరి పాచి సంగతేంది?" అన్నారు హఠాత్తుగా. "అదీ ఆ దొనలోనే ఉండాది కదా. దానికి బుడగ లేదే. అదెందుకు పగల్లేదు?"

నాకు జవాబు తెలియదు. తెలియదన్నాను. ఆయన మొహం వికసించింది. నా సీసాలోంచి పచ్చటి పాచిపోగు ఒకటి తీసి గాజుమీద పరిచి, చిటికెడు ఉప్పు వేసి నన్ను చూడమన్నారు. పోగు నిండా వరసగా పెట్టెల్లాంటి గదులు. ఉప్పు కరిగేకొద్దీ లోపలి పచ్చటి ముద్ద గోడనుంచి విడివడి ముడుచుకుంది. గోడ మాత్రం కదలకుండా నిలిచింది.

"చూసినావా? దానికి గట్టి గోడ ఉండాది. నీళ్ళు లోపలికి వచ్చినా ముద్ద ఉబ్బి గోడకి ఆనుకుంటుంది, అక్కడితో ఆగుతుంది. గోడ ఉన్నోడికి తోడే పని లేదు." ఆయన బల్లమీద చేత్తో కొట్టారు. "గోడ లేనోడు తోడుకోవాల! అంతే కదయ్యా!"

ఇద్దరం ఒకేసారి నవ్వాం. అంతకుముందు గంటలో నేను ఊహించి రాశానన్న మనిషి, నాకన్నా ముందు సంబరపడ్డాడు. ఆ రోజునుంచి ఆయనంటే నాకు గురి కుదిరింది.

తరువాత ఆయన ఒక ప్రశ్న అడిగారు. "బుడగ మూసుకున్నప్పుడు ఆ నీళ్ళు బయటికే పోతా ఉండాయని ఎట్ట చెప్తావు? ఒంట్లోకే తిరిగి పోవచ్చు కదా?"

బయటికి పోవడం చూశానంటే చాలు, ఆయన ఆ ఊపులో నమ్మేసేవారు. నాకు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"బయటికి పోవడం నేను చూడలేదు అయ్యా. తోడతా ఉండాదని లెక్కని బట్టి అనుకుంటా ఉండాను. చూసినానని రాయను."

చాలా ఏళ్ళ తరువాత, నల్లసిరా కలిపిన నీళ్ళలో బుడగ మూసుకున్నప్పుడల్లా సిరా రేణువులు పక్కకు చిమ్ముకోవడం చూసినవాళ్ళున్నారని, నీళ్ళు బయటికే పోతాయని తేలిందని చదివి, ఇంట్లో ఒక్కణ్ణే గంతులేశాను. కాని ఆ రోజు నాకు తెలిసినది అంతే, అంతే చెప్పాను.

ఎండ కిటికీనుంచి బల్లమీదికి వచ్చింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. డ్రెస్సర్లు డాక్టర్ల ముందు కూర్చునే రోజులు కావవి. ఆయన నోటుపుస్తకం ముందుకు లాక్కుని, నేను సంతకం పెట్టాల్సిన ఖాళీచోటు విప్పి, సిరాబుడ్డి సరిచేసుకున్నారు. అప్పుడాయన కుర్చీలోంచి లేచి, దాన్ని మైక్రోస్కోపు ముందుకు జరిపి, నా భుజం పట్టి కూర్చోబెట్టారు. కాంపౌండరు ముక్కాలిపీట లాక్కొస్తే తను దానిమీద కూర్చుని, కలం చేతపట్టుకున్నారు.

"నువ్వు చూసి చెప్పు," అన్నారు. "నేను రాస్తా."

కన్ను గొట్టానికి ఆనించాను. కంట్లో నీళ్ళు నిండి ఏమీ కనపడలేదు. తుడుచుకుని, మళ్ళీ ఆనించి, ఒకటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.